334 రకమా, వరుస సంఖ్యా? ఫైలు పేర్లను ఒక పద్ధతిలోకి తెచ్చేటప్పుడు ఎదురయ్యే చిక్కులు

గుంటూరు మిర్చి యార్డులో మా బావగారికి ఒక చిన్న కమీషన్ కొట్టు ఉంది. సీజనులో రైతులు తెచ్చిన టిక్కీలు అనే మిర్చి బస్తాల నుంచి మచ్చు తీసి, గోనె పట్టా మీద పోసి, లాటు చీటీ పక్కన పెట్టి ఫోనుతో ఫోటో తీస్తారు. ఆ ఫోటోలు వేరే రాష్ట్రాల్లోని కొనుగోలుదారులకు వెళ్తాయి. రంగు చూసి వాళ్లు ఫోనులోనే బేరం మొదలుపెడతారు.

ఒకరోజు గుమస్తా తేజ రకం ఫోటోలు పది ఒక ఫోల్డరులో పెట్టి, జిప్ చేసి పంపాడు. పేర్లు `Teja 1.jpg` నుంచి `Teja 10.jpg` వరకు చక్కగానే ఉన్నాయి. తరువాత ఫోను చేసి "మూడో ఫోటో చూడండి, రంగు ఎలా ఉందో" అన్నాడు. అవతలి వ్యక్తి చూసి పెదవి విరిచాడు. పావుగంట వాదన తరువాత తేలింది, ఆయన తెరలో మూడో స్థానంలో ఉన్నది మూడో లాటు కాదు, రెండోది. అక్కడ వరుస 1, 10, 2, 3 అని ఉంది. కొట్టులోని కంప్యూటరులో మాత్రం 1, 2, 3 అనే కనిపిస్తోంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఈ గొడవకు అందరూ చెప్పే మందు ఒకటుంది. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో రాయాలి, ఖాళీలకు బదులు అడ్డగీతలు పెట్టాలి, వరుస సంఖ్యలకు ముందు సున్నాలు చేర్చాలి. ఇది సరైన మందే. అయితే చిక్కుపడిన పాత జాబితాను ఈ పద్ధతిలోకి మార్చేటప్పుడు చిన్న అక్షరాలు, అడ్డగీతలు పెద్ద పని పెట్టవు. అసలు పని పెట్టేవి అంకెలు. పేరులో కనిపించే ప్రతి అంకె వరుస సంఖ్య కాదు మరి.

## పది, రెండు కంటే ముందు ఎలా వస్తుంది

నిఘంటువులో "కలప" అనే మాట "గది" కంటే ముందు ఉంటుంది. మాట ఎంత పొడవన్నది అక్కడ లెక్కలోకి రాదు. మొదటి అక్షరం పోల్చి చూస్తాం, అది ఒకటే అయితే రెండో అక్షరం చూస్తాం. కంప్యూటరు కూడా ఫైలు పేరును ఇలాగే చదువుతుంది. దానికి `10` అంటే పది కాదు, 1 అనే గుర్తు, దాని పక్కన 0 అనే గుర్తు. `2`తో పోల్చేటప్పుడు మొదటి గుర్తు దగ్గరే తీర్పు అయిపోతుంది. 1 అనే గుర్తు 2 కంటే ముందుది కనుక పది ముందుకు వస్తుంది.

మరి కొట్టులోని కంప్యూటరులో సరిగ్గా ఎలా కనిపించింది? విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి విండోస్‌లోని ఫైళ్ల కిటికీ, పేరులో వచ్చే అంకెల గుంపును ఒక సంఖ్యగా లెక్కగట్టి వరుస పెడుతుంది. మాక్‌లోని ఫైండర్ కూడా అంతే. ఇది చూసేవాళ్ల సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు. అది ఆ కిటికీలోనే ఉంటుంది, ఫైలుతో పాటు ప్రయాణం చేయదు. అదే ఫోల్డరును లినక్స్ కమాండుతోనో, ఏదో ఒక చిన్న ప్రోగ్రాముతోనో, కొన్ని ఫోన్లలోని ఫైళ్ల యాప్‌లతోనో తెరిస్తే మళ్లీ గుర్తుల వరుసే వస్తుంది. అందుకే పేరు పెట్టిన మనిషికి తప్పు కనిపించదు, అందుకున్న మనిషికే కనిపిస్తుంది.

ముందు సున్నా చేర్చడం వల్ల పొడవులు సమానమవుతాయి. `02`, `10` రెండూ రెండేసి గుర్తులు. 0 అనే గుర్తు 1 కంటే ముందుది కనుక రెండో లాటు ముందుకు వస్తుంది. ఇప్పుడు గుర్తుల లెక్కన పేర్చినా, సంఖ్యల లెక్కన పేర్చినా వరుస ఒకటే. చూసే యంత్రం ఏదైనా తేడా రాదు.

ఎన్ని సున్నాలు అన్నది ఎన్ని ఫైళ్లు వస్తాయన్న అంచనా మీద ఆధారపడుతుంది. రెండు స్థానాలు 99 వరకు, మూడు స్థానాలు 999 వరకు సరిపోతాయి. అంచనా తప్పితే తప్పు విచిత్రమైన చోట బయటపడుతుంది. మూడు స్థానాల పద్ధతిలో వెయ్యో ఫైలు వచ్చిందనుకోండి. `teja-1000.jpg` చివరికి వెళ్తుందని అనుకుంటాం. వెళ్లదు. గుర్తుల లెక్కన అది `teja-100.jpg` తరువాత, `teja-101.jpg` కంటే ముందు దూరి కూర్చుంటుంది. చివరి ఫైళ్లను మాత్రమే తిరగేసి చూసుకునే వాళ్లకు అది కనిపించనే కనిపించదు. ఒక స్థానం ఎక్కువ ఉంటే పేరులో ఒక గుర్తు పెరుగుతుంది, అంతే. తక్కువైతే ఉన్న పేర్లన్నీ మళ్లీ మార్చాలి.

## చిన్న అక్షరాలు, అడ్డగీతలు ఎందుకు

విండోస్‌కు `Teja.JPG`, `teja.jpg` ఒకే పేరు. రెండూ ఒకే ఫోల్డరులో మామూలుగా ఉండలేవు. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. మన వెబ్‌సైట్లు నడిచే సర్వర్లలో చాలా భాగం లినక్స్‌వే. అందుకే కొట్టు కంప్యూటరులో తెరుచుకునే ఫోటో, సైటులోకి ఎక్కించాక లింకులో ఒక్క పెద్ద అక్షరం తేడా వస్తే తెరుచుకోదు. అన్నీ చిన్న అక్షరాలే అన్న నియమం ఉంటే ఈ తేడాకు చోటే ఉండదు. పెద్ద అక్షరాలన్నీ అన్న నియమమూ పనిచేస్తుంది నిజానికి, కానీ టైపు చేయడానికి, చదవడానికి చిన్నవే సులువు.

ఖాళీ స్థలం సంగతి ఇంకొకటి. కమాండు రాసేటప్పుడు ఖాళీ అంటే ఒక మాట ముగిసిందని అర్థం. `Teja 1.jpg` అని కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే అది `Teja`, `1.jpg` అనే రెండు ఫైళ్లుగా అర్థమవుతుంది. వెబ్ చిరునామాలో ఖాళీ `%20`గా మారుతుంది. వీటికి తోడు రెండు ఖాళీలు పక్కపక్కన ఉంటే కంటికి ఒకటిగానే కనిపిస్తాయి, పేరు మాత్రం వేరు.

ఖాళీకి బదులు అడ్డగీతా, `_` అనే కింది గీతా అన్నదానిపై పాత వాదన ఉంది. వెబ్ చిరునామాల్లో మాటలను విడదీయడానికి అడ్డగీత వాడమని గూగుల్ సూచిస్తుంది. లింకు కింద గీత పడినప్పుడు కింది గీత అందులో కలిసిపోయి ఖాళీలా కనబడుతుంది కూడా. కింది గీత పక్షం వాళ్ల వాదనలోనూ బలం ఉంది. `2024-03-12` అన్న తేదీలో అడ్డగీతలు ముందే ఉన్నాయి. భాగాలను విడదీయడానికీ అదే గుర్తు వాడితే, తేదీ ఎక్కడ ముగిసి పేరు ఎక్కడ మొదలైందో యంత్రానికి ఎలా తెలుస్తుంది? తేదీని `20240312` అని కలిపి రాస్తే ఈ అభ్యంతరం తీరిపోతుంది. మేము ఆ దారే పట్టాం. ఏ గుర్తు వాడాలన్నదాని కంటే, ఒక గుర్తుకు ఒకే పని ఉండాలన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది.

## ఒక రోజు ఫోల్డరు

2024 మార్చి 12 నాటి ఫోల్డరు తెరిస్తే ఇవి ఉన్నాయి:

```
334 (2).jpg
334 lot 3.jpg
341-4 final.jpg
IMG-20240312-WA0007.jpg
No 5  3 new.JPG
No5 12.jpg
Taalu 1.jpg
Teja 1.jpg
Teja 10.JPG
teja_2.jpg
Teja 2 (1).jpg
TEJA2.jpeg
```

మిర్చి వ్యాపారం తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. 334, 341 అన్నవి రకాల పేర్లు. "నంబర్ 5" కూడా ఒక రకమే. తేజకు తేజ అనే పేరుంది కాబట్టి బతికిపోయింది. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ, దాన్ని వేరే లాటుగా అమ్ముతారు. ఈ కొట్టులో ప్రతిరోజూ ఒక్కో రకానికి లాటు సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు ఈ 12 పేర్లను ఏ ఆలోచనా లేకుండా యంత్రానికి అప్పగించామనుకుందాం. నియమం ఇది: అన్నీ చిన్న అక్షరాలు చేయి, అక్షరం, అంకె కాని ప్రతి గుర్తుల గుంపునూ ఒక అడ్డగీతగా మార్చు, చివర మిగిలిన గీత తీసేయి, పేరులోని ప్రతి సంఖ్యను కనీసం మూడు స్థానాలకు నింపు. వచ్చిన వాటిలో కొన్ని చూడండి:

```
334-002.jpg
334-lot-003.jpg
img-20240312-wa0007.jpg
no-005-003-new.jpg
no005-012.jpg
teja-002.jpg
teja-002-001.jpg
teja002.jpeg
```

నియమం ప్రకారం చూస్తే ఇవన్నీ చక్కని పేర్లు. పెద్ద అక్షరం లేదు, ఖాళీ లేదు, సున్నాలు ఉన్నాయి. కానీ నంబర్ 5 రకం ఒకచోట `no-005`, ఇంకోచోట `no005` అయింది. రకం పేరు లాటు సంఖ్యలా వేషం వేసుకుంది. రెండో తేజ లాటు మూడు తీరుల్లో చీలిపోయింది. గజిబిజి ఎక్కడికీ పోలేదు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంది. ఇది పాత గజిబిజి కంటే ప్రమాదకరం అనిపిస్తుంది నాకు. పాత పేరు చూస్తే అనుమానం వచ్చేది. దీన్ని చూస్తే నమ్మకం కలుగుతుంది.

## ఒక్కో అంకెను నిలదీయడం

అందుకని నియమం రాసేముందు ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగాల్సి వచ్చింది. మేము గుమస్తాను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ చదివాం.

`334 (2).jpg` దగ్గర నేను అది రెండో లాటనుకున్నాను. "కాదండీ, ఆ రెండు నేను వేసింది కాదు. రెండు ఫోటోలు ఎంచుకుని 334 అని కొట్టాను, మిగతాది విండోసే వేసుకుంది" అన్నాడు. విండోస్‌లో చాలా ఫైళ్లు ఎంచుకుని ఒకేసారి పేరు మారిస్తే బ్రాకెట్లలో (1), (2) అని చేరుతుంది, ముందు సున్నా ఉండదు. ఆ జంటలో మొదటి ఫోటోను తరువాత సరిగా పేరు పెట్టి `334 lot 3.jpg` చేశాడు. రెండోది అలాగే ఉండిపోయింది. ఫోటో తెరిచి చీటీ చూస్తే అది ఆరో లాటు. పేరులో ఉన్న అంకె 2, అసలు అంకె 6.

`Teja 2 (1).jpg`లోని బ్రాకెట్టుది మరో కథ. అదే పేరుతో ఫైలు ముందే ఉన్నప్పుడు బ్రౌజరు డౌన్‌లోడు చేస్తే పక్కన (1) చేరుస్తుంది. అది రెండో కాపీ అన్నమాట. అయినా పేరు చూసి తీర్పు చెప్పకూడదు. `teja_2.jpg`తో పరిమాణం బైట్లతో సహా పోల్చాం, సరిపోయింది. అంతటితో ఆగకుండా విండోస్‌లో ఉన్న ఈ కమాండుతో లోపలి సరుకు కూడా పోల్చాం:

```
fc /b "teja_2.jpg" "Teja 2 (1).jpg"
```

తేడా ఏమీ లేదని వచ్చింది. దాన్ని తీసి వేరే ఫోల్డరులో పెట్టాం, చెరిపేయలేదు. `TEJA2.jpeg` మాత్రం అదే లాటుకు ఎండలో తీసిన వేరే ఫోటో. అంటే లాటు సంఖ్య ఒక్కటే చాలదు, ఒకే లాటుకు ఎన్నో ఫోటో అన్న రెండో సంఖ్య కూడా పేరులో కావాలి. ఈ అవసరం తలలో కూర్చుని ఆలోచిస్తే తట్టలేదు, జాబితా చదివితేనే తెలిసింది.

అన్నిటికంటే మోసం చేసేది వాట్సాప్ పెట్టిన పేరు. `IMG-20240312-WA0007.jpg`లో రెండు సంఖ్యలున్నాయి. మొదటిది తేదీ, రెండోది ఆ రోజు ఆ ఫోనులో వాట్సాప్ వేసుకున్న సొంత లెక్క. ఏడో లాటుకూ దానికీ సంబంధం లేదు. తేదీ కూడా ఫోటో తీసిన రోజు కాకపోవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే, కెమెరా లోపల రాసి పెట్టిన తీసిన సమయం వంటి వివరాలు ఊడిపోతాయి, కనుక ఫైలు లోపల వెతికినా దొరకదు. చివరికి ఫోటోలోని చీటీయే సాక్ష్యం చెప్పింది. తేజ, నాలుగో లాటు, తేదీ 11-3. పదకొండో తేదీ సాయంత్రం తీసి, మర్నాడు పంపిన ఫోటో అది.

మిగతావి తేలికగా తెగిపోయాయి. `final`, `new` అన్న మాటల అర్థం రాసినవాడికే గుర్తులేదు. పేరులోంచి తీసేశాం, జాబితాలో పక్కన ఒక గడిలో రాసి ఉంచాం.

## పేరు అచ్చు, అందులో పడిన పదకొండు

చివరికి నిలిచిన అచ్చు ఇది: తేదీ, రకం, లాటు మూడు స్థానాల్లో, ఫోటో రెండు స్థానాల్లో. రకాల దగ్గర ఒక్కచోట ఆగాం. `334-003-01` అని రాస్తే మొదటి సంఖ్య రకమని కొత్తవాళ్లకు తెలియదు. అందుకని అంకెలే పేరైన రకాలకు ముందు `r` అతికించాం, రకానికి గుర్తుగా. నంబర్ 5 ఎప్పుడూ `no5`. అక్షరానికి అతుక్కున్న అంకె పేరులో భాగం, దానికి సున్నాలు చేర్చరు. గీతల మధ్య ఒంటరిగా నిలబడ్డ అంకె లెక్క, దానికి చేరుస్తారు. ఈ తేడా ఒకసారి చెబితే గుమస్తా మళ్లీ అడగలేదు.

తాలు దగ్గర వేరే చిక్కు వచ్చింది. `taalu`, `talu`, `thalu` మూడూ ఈ కొట్టు పాత ఫోల్డర్లలో ఉన్నాయి. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఎవరికైనా ఈ బాధ తప్పదు. ఏ నియమమూ వీటిని తనంతట తాను కలపలేదు. రకాల పేర్లు ఎలా రాయాలో ఎనిమిది వరుసల పట్టిక ఒకటి తయారుచేసి, అందులో లేని స్పెల్లింగు వాడకూడదని పెట్టుకోవడమే మార్గమైంది.

పేర్లు చేత్తో రాయలేదు. ఎక్సెల్‌లో మొదటి నిలువు గడిలో పాత పేరు, తరువాత తేదీ, రకం, లాటు, ఫోటో వేసి, ఆరో గడిలో ఈ సూత్రం పెట్టాం:

```
=TEXT(B2,"yyyymmdd")&"-"&LOWER(C2)&"-"&TEXT(D2,"000")&"-"&TEXT(E2,"00")&".jpg"
```

`TEXT` అన్నది సున్నాలు చేర్చే పనిచేస్తుంది. దీని అవసరం ఏమిటంటే, గడిలో నేరుగా `002` అని కొడితే ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని సున్నాలు చెరిపి 2 చేసేస్తుంది. `3-12` లాంటి పేరు కొడితే తేదీగా మార్చేస్తుంది. పాత పేర్ల నిలువు గడిని ముందుగానే టెక్స్ట్‌గా పెట్టుకోకపోతే, పాత పేరే చెడిపోయి తరువాత ఆ ఫైలు దొరకదు.

సూత్రం చివర `.jpg` అని రాయగలగడానికి కారణం, ఇక్కడున్న `.jpeg`, `.JPG`, `.jpg` మూడూ ఒకే రకం ఫైలు కావడం. ఫోల్డరులో ఒక్క `.png` ఉన్నా ఆ సూత్రం తప్పవుతుంది. చివరి మూడక్షరాలు మార్చినంత మాత్రాన లోపలి బొమ్మ రకం మారదు.

పక్కన పెట్టిన కాపీ పోగా 11 పేర్లు వచ్చాయి:

```
20240311-teja-004-01.jpg
20240312-no5-003-01.jpg
20240312-no5-012-01.jpg
20240312-r334-003-01.jpg
20240312-r334-006-01.jpg
20240312-r341-004-01.jpg
20240312-taalu-001-01.jpg
20240312-teja-001-01.jpg
20240312-teja-002-01.jpg
20240312-teja-002-02.jpg
20240312-teja-010-01.jpg
```

మొదటి వరుస చూడండి. వాట్సాప్ ఫోటో తన అసలు తేదీతో పైకి వెళ్లిపోయింది. అది పన్నెండో తేదీ సరుకు కాదని ఇప్పుడు ఫోల్డరే చెబుతోంది.

## రెండు పేర్లు ఒకటైతే

పేర్లు మార్చడంలో ఫైలు పోయే అవకాశం ఒక్కచోట ఉంది. రెండు వేర్వేరు పాత పేర్లు ఒకే కొత్త పేరుగా మారినప్పుడు. మా అచ్చులో ఫోటో సంఖ్య లేకపోయి ఉంటే `teja_2.jpg`, `TEJA2.jpeg` రెండూ `20240312-teja-002.jpg` అయ్యేవి. అప్పుడు ఏమవుతుందన్నది వాడే పనిముట్టును బట్టి ఉంటుంది. విండోస్‌లోని `ren` కమాండు ఆ పేరుతో ఫైలు ఉందని చెప్పి ఆగిపోతుంది. లినక్స్‌లో `mv` మామూలుగా అడగదు, ముందున్న ఫైలు మీద రాసేస్తుంది. ఎండలో తీసిన ఫోటో ఉండిపోయి నీడలో తీసినది మాయమవుతుంది. ఎక్కడా ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు.

దీన్ని కాగితం మీదే పట్టుకోవచ్చు. కొత్త పేర్ల పక్కన ఈ లెక్క పెట్టాం:

```
=COUNTIF(F$2:F$12,F2)
```

ఏ వరుసలోనైనా 1 కాక 2 వచ్చిందంటే రెండు పేర్లు ఢీకొంటున్నాయని అర్థం. అన్నిటా 1 వచ్చాక, అదే పట్టిక నుంచి ఇలాంటి వరుసలు తయారయ్యాయి:

```
ren "Teja 10.JPG" "20240312-teja-010-01.jpg"
ren "TEJA2.jpeg" "20240312-teja-002-02.jpg"
```

వీటిని అసలు ఫోల్డరులో కాకుండా దాని నకలులో నడిపించాం. ముందు 12, తరువాత 11, పక్కన పెట్టినది 1. లెక్క సరిపోయింది. పాత పేరు, కొత్త పేరు ఉన్న పట్టికను ఫోల్డరులోనే ఉంచాం. ఎందుకంటే మార్చి 12న "341-4 final పంపండి" అని వాట్సాప్‌లో రాసిన కొనుగోలుదారు, ఏప్రిల్‌లో కూడా అదే పేరుతో అడుగుతాడు.

ఢీకొనడంలో ఇంకో రకం ఉంది, అది ఈ ఫోల్డరులో రాలేదు గానీ వరుస సంఖ్యలు సర్దేటప్పుడు తరచు వస్తుంది. `teja-001`ను `teja-002`గా, `teja-002`ను `teja-003`గా జరపాలనుకోండి. పైనుంచి కిందికి మారిస్తే మొదటి అడుగులోనే `teja-002` ఇంకా అక్కడే ఉంటుంది. చివరి నుంచి మొదలుపెట్టాలి, లేదా అన్నిటికీ తాత్కాలిక పేర్లు పెట్టి తరువాత అసలు పేర్లకు తేవాలి.

## ఒప్పుకోని వాళ్లు ఏమంటారు

ఇంత సమాచారాన్ని పేరులో ఇరికించడమే తప్పని వాదించే వాళ్లున్నారు. వాళ్ల మాట ప్రకారం ఫైలుకు `000417.jpg` లాంటి అర్థం లేని వరుస సంఖ్య చాలు, రకం, లాటు, తేదీ అన్నీ పట్టికలో ఉండాలి. ఈ వాదన బరువు ఎక్కడ తెలుస్తుందంటే, చీటీలో రకం తప్పు రాశారని వారం తరువాత తేలినప్పుడు. పేరులో రకం ఉంటే పేరు మార్చాలి, అప్పటికే పంపిన లింకులన్నీ చెడతాయి. పేరులో లేకపోతే పట్టికలో ఒక గడి దిద్దితే అయిపోతుంది. పెద్ద సంస్థలకు ఇది నప్పుతుంది. ఈ కొట్టులో మాత్రం ఫోటో వాట్సాప్‌లో ఒంటరిగా ప్రయాణం చేస్తుంది, వెంట పట్టిక వెళ్లదు. డాక్యుమెంటుగా పంపితే పేరు నిలుస్తుంది, కనుక పేరులో ఉన్నదే చేరుతుంది. మామూలు ఫోటోగా పంపితే అవతలి ఫోను మళ్లీ తన సొంత పేరు పెట్టుకుంటుంది, మన శ్రమ అక్కడికక్కడే ఆవిరి.

తేదీ ముందా, రకం ముందా అన్నదానికీ ఒకే జవాబు లేదు. ముందున్న భాగమే వరుసను నిర్ణయిస్తుంది. కొట్టులో "నిన్న ఏం పంపాం" అని వెతుకుతారు కాబట్టి తేదీ ముందు పెట్టుకున్నారు. తేజ ఒక్కటే కొనే వ్యాపారి తన దగ్గర రకాన్ని ముందు పెట్టుకుంటాడు. తేదీ మాత్రం ఎక్కడ పెట్టినా సంవత్సరం, నెల, రోజు వరుసలోనే ఉండాలి. 12032024 అని మనకు అలవాటైన తీరులో రాస్తే, అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోట పోగవుతాయి.

తెలుగులోనే పేర్లు పెట్టకూడదా అని మా బావగారు అడిగారు. పెట్టవచ్చు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ చెల్లుతాయి. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల గొడవ లేదు, తాలుకు మూడు స్పెల్లింగులూ ఉండవు. ఇబ్బంది వెబ్ చిరునామా దగ్గర వస్తుంది. `మిర్చి` అన్న మాట కంటికి రెండు అక్షరాలే అయినా, లోపల గుణింతం, పొల్లు విడివిడిగా లెక్కపడి ఆరు సంకేతాలవుతుంది. ఒక్కో సంకేతానికి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, మొత్తం 18. చిరునామాలో ఒక్కో బైటూ `%E0` తరహాలో మూడు గుర్తులవుతుంది. అంటే 54 గుర్తులు. అసలు ఫైలు కొట్టు దాటి బయటికి వెళ్లకపోతే ఇది అడ్డంకే కాదు. ఇక్కడ కాయ కన్నా ముందు ఫోటో రాష్ట్రం దాటుతుంది గనుక ఇంగ్లీషు అక్షరాలకే సరిపెట్టుకున్నారు.

వారం తరువాత వెళ్తే గుమస్తా ఒక ఫోటో పట్టుకుని కూర్చున్నాడు. పన్నెండో తేదీ రెండో తేజ లాటుదే, మూడో ఫోటో, ఆలస్యంగా దొరికింది. నిజానికి అది ముందు రెండిటి కంటే ముందు తీసినది. దాన్ని `01` చేసి మిగతావి జరపాలా అని అడిగాడు. ముందు రెండూ అప్పటికే కొనుగోలుదారు దగ్గర ఉన్నాయి. అందుకే దానికి `20240312-teja-002-03.jpg` అని పేరు పెట్టి, తీసిన సమయం పట్టికలో రాశాడు.